ఒక్కరి కింద ఎందరు?

ఒక అధికారికి నేరుగా జవాబుదారీగా ఉండే ఉద్యోగుల సంఖ్యను నిర్వహణ శాస్త్రంలో నియంత్రణ పరిధి అంటారు. 'నేరుగా' అన్న మాటే ఇందులో కీలకం. ఒక ఫ్యాక్టరీ మేనేజర్ కింద 500 మంది పనిచేస్తుండవచ్చు. కానీ ఆయన దగ్గరికి నేరుగా వచ్చి పని అప్పజెప్పించుకునేవారు, ఆయనకే లెక్క చెప్పేవారు ఆరుగురైతే ఆయన నియంత్రణ పరిధి ఆరే. మిగిలినవారిని ఆ ఆరుగురు, వారి కింది సూపర్‌వైజర్లు చూసుకుంటారు.

ఆ సంఖ్య ఎంత ఉండాలన్న ప్రశ్నకు వందేళ్లుగా జవాబులు వస్తున్నాయి. ముగ్గురు చాలన్నవారున్నారు, 50 మందినైనా నడపవచ్చని చూపినవారూ ఉన్నారు. పని స్వభావాన్ని పక్కన పెట్టి చూస్తే ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. ఒక్కో ఉద్యోగి వారానికి అధికారి సమయంలో ఎంత తీసుకుంటాడో లెక్క వేస్తే మాత్రం రెండూ తమ తమ చోట సరైనవేనని తేలుతుంది.

సంఖ్య మారితే అంచెలు మారతాయి

నియంత్రణ పరిధి ఎంతన్నదాన్ని బట్టే సంస్థ ఆకారం తయారవుతుంది. మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే ఒక లెక్క దీన్ని స్పష్టంగా చూపుతుంది. అట్టడుగున 4,096 మంది కార్మికులున్న సంస్థలో ప్రతి అధికారి కింద నలుగురే ఉండాలని నియమం పెడితే, కార్మికులకు పైన 1,024 మంది సూపర్‌వైజర్లు కావాలి. వారికి పైన 256 మంది, ఆ పైన 64, 16, 4, చివరికి ఒక్కరు. మొత్తం ఆరు అంచెల్లో 1,365 మంది అధికారులు. అదే ఒక్కొక్కరి కింద ఎనిమిది మందిని పెడితే 512, 64, 8, 1 చొప్పున నాలుగు అంచెలతో, 585 మంది అధికారులతో సరిపోతుంది.

రెండింటికీ తేడా 780 మంది జీతాలు. డబ్బుతో పాటు కబురు ప్రయాణించే దూరం కూడా మారుతుంది. ఆరు అంచెల సంస్థలో కింది కార్మికుడు గమనించిన లోపం పైదాకా చేరాలంటే ఆరుగురి చేతులు మారాలి. ఒక్కో చేతిలో కొంత ఆలస్యం, కొంత వడపోత తప్పవు. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకునే కంపెనీలు మధ్య అంచెలను తొలగిస్తామని ప్రకటిస్తుంటాయి. మధ్య అంచె పోతే, అది చూస్తున్నవారంతా పై అధికారి లెక్కలోకి వస్తారు. వారందరినీ ఆయన చూడగలడా అన్నదే అప్పుడు తేలాల్సిన విషయం.

ఆరుగురి సూత్రం ఎలా పుట్టింది

ఆధునిక కాలంలో ఈ ప్రశ్నకు అంకెతో జవాబిచ్చిన తొలివారిలో బ్రిటిష్ సైన్యాధికారి సర్ ఇయాన్ హామిల్టన్ ఒకరు. 1921లో వెలువడిన తన పుస్తకంలో ఆయన, సగటు మనిషి మెదడు మూడు నుంచి ఆరు మెదళ్ల దాకా సమర్థంగా నడపగలదన్నారు. పై స్థాయికి వెళ్లేకొద్దీ ముగ్గురి వైపు, కింది స్థాయికి వచ్చేకొద్దీ ఆరుగురి వైపు మొగ్గాలని కూడా చెప్పారు. సైన్యం నిర్మాణం ఇప్పటికీ దీనికి దగ్గరగానే ఉంటుంది. భారత పదాతి దళంలో సుమారు పదిమంది జవాన్ల సెక్షన్‌ను హవల్దార్ నడుపుతాడు. అలాంటి మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, మూడు ప్లటూన్లు ఒక కంపెనీ.

1933లో వి.ఎ. గ్రైకునాస్ అనే మేనేజ్‌మెంట్ సలహాదారు ఇదే విషయాన్ని గణితంతో చూపించారు. అధికారి మోసే బరువును మనుషుల సంఖ్యతో కొలిస్తే సరిపోదని, వారి మధ్య ఏర్పడే సంబంధాలను లెక్కించాలని ఆయన వాదన. ఒక అధికారి కింద రాజు, లక్ష్మి అనే ఇద్దరున్నారనుకుంటే, అధికారికి రాజుతో విడిగా ఒక సంబంధం, లక్ష్మితో విడిగా ఒకటి ఉంటాయి. లక్ష్మి ఎదుట రాజుతో మాట్లాడే తీరు వేరు, రాజు ఎదుట లక్ష్మితో మాట్లాడే తీరు వేరు కనుక అవి మరో రెండు. రాజుకు లక్ష్మితో, లక్ష్మికి రాజుతో ఉండేవి ఇంకో రెండు. అంటే ఇద్దరు మనుషులతోనే ఆరు సంబంధాలు. ఆయన సూత్రం ప్రకారం నలుగురైతే 44, ఐదుగురైతే 100, ఆరుగురైతే 222, ఎనిమిది మందైతే 1,080. మనుషులు ఒక్కొక్కరుగా పెరుగుతుంటే సంబంధాలు ఇంచుమించు రెట్టింపవుతూ పోతాయి.

బ్రిటిష్ నిర్వహణ నిపుణుడు లిండాల్ ఉర్విక్ ఈ లెక్కను ఆధారం చేసుకుని, ఏ అధికారీ ఐదుగురు, మహా అయితే ఆరుగురికి మించి నేరుగా పర్యవేక్షించలేడని సూత్రీకరించారు. అయితే ఆయన ఒక షరతు పెట్టారు. ఆ కింది ఉద్యోగుల పనులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడే ఈ పరిమితి. తర్వాతి కాలంలో చాలామంది ఆరు అన్న అంకెను గుర్తుపెట్టుకుని, షరతును వదిలేశారు. నిజానికి గ్రైకునాస్ లెక్కకు ప్రాణం కూడా ఆ షరతులోనే ఉంది. వేర్వేరు వీధుల్లో విద్యుత్ మీటర్ల రీడింగ్ తీసే ఎనిమిది మందికి ఒకరితో ఒకరికి పనే పడదు. 1,080 సంబంధాలన్నవి వారి విషయంలో కాగితం మీద లెక్కగానే మిగిలిపోతాయి. ఒకే వంతెన నమూనా మీద పనిచేసే ఎనిమిది మంది ఇంజినీర్ల విషయంలో మాత్రం ఒకరి కొలత మారితే ముగ్గురి పని మారుతుంది. అక్కడ ఆ సంబంధాల్లో చాలా భాగం నిజంగానే అధికారి బల్ల మీదికి వస్తాయి.

1946లో అమెరికన్ పండితుడు హెర్బర్ట్ సైమన్ ఈ సూత్రాన్ని తీవ్రంగా విమర్శించారు. పరిధి చిన్నదిగా ఉండాలని ఒక సూత్రం, అంచెలు తక్కువగా ఉండాలని మరో సూత్రం అంటాయి. ఒకదాన్ని పాటిస్తే రెండోది తప్పుతుంది. పరస్పరం కొట్టుకునే సామెతల్లాంటి ఇలాంటి సూత్రాలతో ఏ సంస్థకూ సరైన సంఖ్య తేలదని ఆయన అన్నారు. దాంతో పరిశోధకులు అసలు ఫ్యాక్టరీల్లో ఏం జరుగుతోందో చూడటం మొదలుపెట్టారు.

వంద ఫ్యాక్టరీలు చెప్పిన సంగతి

1950లలో జోన్ వుడ్‌వర్డ్ బృందం ఇంగ్లండ్‌లోని దక్షిణ ఎసెక్స్ ప్రాంతంలో వంద తయారీ సంస్థలను పరిశీలించింది. పుస్తకాల్లోని సూత్రాలను పాటిస్తున్నవి బాగా నడుస్తున్నాయా అని చూస్తే అలాంటి పోలిక ఏదీ కనిపించలేదు. సంస్థలను ఉత్పత్తి పద్ధతిని బట్టి వేరుచేసి చూసినప్పుడు మాత్రం చిత్రం స్పష్టమైంది. ఆర్డరును బట్టి ఒక్కో వస్తువు లేదా చిన్న విడతలు తయారుచేసేవి ఒక గుంపు. ఒకే వస్తువును అసెంబ్లీ లైన్ మీద పెద్దఎత్తున చేసేవి రెండో గుంపు. చమురు శుద్ధి, రసాయనాల వంటి నిరంతర ప్రక్రియలు నడిపేవి మూడో గుంపు.

అట్టడుగు సూపర్‌వైజర్ కింద ఉన్న కార్మికుల సంఖ్య మొదటి గుంపులో సగటున 23, రెండో గుంపులో 48, మూడో గుంపులో 15 దాకా ఉంది. ఉర్విక్ చెప్పిన ఆరుకు వీటిలో ఏదీ దగ్గరలో లేదు. అసెంబ్లీ లైన్‌లో ఏ పని ఎలా చేయాలో, ఎంత వేగంతో చేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. కార్మికుడి పక్కన నిలబడి సూపర్‌వైజర్ చెప్పాల్సిన విషయాల్లో చాలావాటిని లైన్ అమరికే చెప్పేస్తుంది. అందుకే ఒక్కరు 48 మందిని చూడగలిగారు. ఆర్డరు పనిలో ప్రతి వస్తువూ కొత్తదే కనుక సందేహాలు ఎక్కువ, పరిధి సగానికి తగ్గింది. నిరంతర ప్రక్రియలో కార్మికులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. ఒక వాల్వు విషయంలో పొరపాటు జరిగినా నష్టం పెద్దది. అందువల్ల నైపుణ్యం గలవారి చిన్న బృందానికి ఒక సూపర్‌వైజర్ ఉన్నాడు.

పై స్థాయిలో సంఖ్యలు మరోలా ఉన్నాయి. సంస్థ అధినేతకు నేరుగా జవాబుదారీగా ఉన్నవారు ఆర్డరు పనుల సంస్థల్లో నలుగురు, భారీ ఉత్పత్తిలో ఏడుగురు, ప్రక్రియా పరిశ్రమల్లో పదిమంది. అంటే ఒకే సంస్థలో కూడా పైన ఒక పరిధి, కింద మరో పరిధి సహజంగానే ఉంటాయి. వుడ్‌వర్డ్ పరిశీలనలో అన్నిటికంటే విలువైన సంగతి మరొకటుంది. బాగా రాణిస్తున్న సంస్థల సంఖ్యలు తమ గుంపు సగటుకు దగ్గరగా ఉన్నాయి, వెనుకబడినవి ఆ సగటుకు అటో ఇటో దూరంగా ఉన్నాయి. సరైన సంఖ్య ఉంటుంది, కానీ ఒక్కో రకం పనికి ఒక్కోటి ఉంటుందని దీంతో తేలింది.

ఒక టీమ్ లీడర్ వారం

పని మారితే సంఖ్య ఎందుకు మారుతుందో ఒక ఊహా ఉదాహరణతో లెక్క వేయవచ్చు. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడర్ వారానికి 45 గంటలు పనిచేస్తారనుకుందాం. క్లయింట్ కాల్స్, ప్రణాళిక, నివేదికలు, సొంతంగా రాయాల్సిన కోడ్ కలిపి 25 గంటలు పోతాయి. మనుషుల కోసం మిగిలేది 20 గంటలు.

అనుభవం ఉన్న ఒక ఇంజినీరుకు వారానికి అరగంట విడి సమావేశం, రాసిన కోడ్‌ను పరిశీలించడానికి గంటన్నర, మధ్యలో వచ్చే సందేహాలకు అరగంట కావాలి. మొత్తం రెండున్నర గంటలు. 20 గంటలను దాంతో భాగిస్తే ఎనిమిది మంది వస్తారు. ఆ లీడర్‌కు అంతవరకు పరిధి సరిపోతుంది.

ఇప్పుడు బృందంలోకి కళాశాల నుంచి కొత్తగా వచ్చిన ముగ్గురు చేరారనుకుంటే, ఒక్కొక్కరికి నాలుగున్నర గంటలు కావాలి. ముగ్గురికే పదమూడున్నర గంటలు పోతాయి. మిగిలిన ఆరున్నర గంటల్లో అనుభవజ్ఞులు ఇద్దరే పడతారు. అదే లీడర్, అదే గదిలో, ఎనిమిది నుంచి ఐదుగురికి వచ్చేశారు. లీడర్ సామర్థ్యం ఏమీ తగ్గలేదు, కింది ఉద్యోగుల అవసరం పెరిగింది. ఆరు నెలల తర్వాత ఆ ముగ్గురూ పని నేర్చుకుంటే పరిధి మళ్లీ విస్తరిస్తుంది.

దీన్ని పెంచడానికి మరో దారి ఉంది. కోడ్ పరిశీలనలో గంట భారాన్ని బృందంలోని సీనియర్లు ఒకరిదొకరు చూసుకునేలా ఏర్పాటు చేస్తే, అనుభవజ్ఞుడైన ఒక్కో ఇంజినీరుకు లీడర్ సమయం గంటన్నరకు తగ్గుతుంది. కాగితం మీద అప్పుడు 13 మందిని చూడవచ్చు. కానీ బృందం పెద్దదయ్యే కొద్దీ జతల సంఖ్య పెరుగుతుంది. ఎనిమిది మందిలో ఇద్దరిద్దరి జతలు 28, పదమూడు మందిలో 78. ఒకరి పని మరొకరి పనికి అడ్డుపడినప్పుడు తీర్చాల్సిన తగవులు కూడా ఆ మేరకు పెరుగుతాయి. ఆ సమయాన్నీ కలుపుకుంటే నిజంగా సాధ్యమయ్యేది పది దగ్గర ఆగుతుంది. గ్రైకునాస్ చెప్పిన సంబంధాల ఖర్చు అనుభవంలోకి వచ్చేది ఇక్కడే.

ఇదే పద్ధతిని కంపెనీ స్థాయిలో అమలు చేసిన ప్రయత్నం 1960ల ప్రాంతంలో అమెరికాలోని లాక్‌హీడ్ సంస్థ క్షిపణి విభాగంలో జరిగింది. కింది ఉద్యోగుల పనుల మధ్య పోలిక, వారున్న చోట్ల మధ్య దూరం, పని సంక్లిష్టత, వారికి కావలసిన మార్గదర్శనం, ఇతర విభాగాలతో సమన్వయం, ప్రణాళిక అనే ఆరు అంశాలకు మార్కులు వేసేవారు. పోలికకు, దూరానికి గరిష్ఠంగా ఐదేసి, మార్గదర్శనానికి 15, మిగిలినవాటికి పదేసి. మొత్తం మార్కులు 40 దాటితే నలుగురైదుగురు చాలు, 22 నుంచి 24 మధ్య వస్తే ఎనిమిది నుంచి పదకొండు మంది దాకా చూడవచ్చు. అన్నిటిలోకీ ఎక్కువ బరువు మార్గదర్శనానికే ఉండటం గమనించదగ్గది. ఎంతమంది అన్న ప్రశ్న చివరికి, వారికి ఎంత చెప్పాలి అన్నచోటికే వస్తుంది.

పనిని బట్టి సంఖ్య

కాల్ సెంటర్లలో ఒక టీమ్ లీడర్ కింద 15 నుంచి 20 మంది ఉండటం మామూలే. అందరూ ఒకే రకం కాల్స్ తీసుకుంటారు, ఏం చెప్పాలో రాసి ఉంటుంది, ప్రతి కాల్ రికార్డవుతుంది, ఎవరు ఎన్ని కాల్స్ తీసుకున్నారో తెర మీదే కనిపిస్తుంది. నెలకు ఒక్కొక్కరి కాల్స్ నాలుగైదు విని, లోపాలు చెప్పడానికి మొత్తం గంట కేటాయిస్తే 20 మందికి నెలకు 20 గంటలు. సాఫ్ట్‌వేర్ లీడర్ ఒక్క వారంలో ఖర్చుపెట్టే సమయమది.

దూరం ఎలా పనిచేస్తుందో అంగన్‌వాడీ వ్యవస్థలో చూడవచ్చు. సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం పాత నిబంధనల్లో ఒక సూపర్‌వైజర్ కింద పట్టణ ప్రాజెక్టులో 25 మంది, గ్రామీణ ప్రాజెక్టులో 20 మంది, గిరిజన ప్రాజెక్టులో 17 మంది కార్యకర్తలు ఉండాలని ఉంది. కార్యకర్త చేసే పని మూడుచోట్లా ఒకటే. బరువు చూడటం, పోషకాహారం, పూర్వ ప్రాథమిక బోధన, రికార్డులు రాయడం. మారేది సూపర్‌వైజర్ ప్రయాణం. పట్టణంలో ఒక్కరోజులో మూడు నాలుగు కేంద్రాలు తిరగవచ్చు. మన్యంలో ఒక కొండ మీది కేంద్రానికి వెళ్లివచ్చేసరికి రోజు గడిచిపోతుంది.

విపత్తు వేళ సంఖ్య మళ్లీ బాగా తగ్గుతుంది. 1970లో కాలిఫోర్నియాలో చెలరేగిన అడవి మంటలను ఎదుర్కోవడంలో తలెత్తిన లోపాలను సమీక్షించినప్పుడు, ఒక్క అధికారికే మరీ ఎక్కువమంది కబురు చెప్పడం వాటిలో ఒకటని తేలింది. ఆ తర్వాత రూపొందిన ఇన్సిడెంట్ కమాండ్ వ్యవస్థలో ఒకరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, మేలైన సంఖ్య ఐదుగురు అని పెట్టారు. దాని ఆధారంగా భారత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఐదునే ఆదర్శంగా తీసుకున్నాయి. కింది విభాగాలు ఐదు దాటినా, మూడు కంటే తగ్గినా నిర్మాణాన్ని సవరించాలి. తుపాను సమయంలో పరిస్థితి గంటగంటకూ మారుతుంది, ప్రతి బృందమూ వెంటనే నిర్ణయం కోరుతుంది. రోజువారీ పనిలో 20 మందిని సునాయాసంగా చూసే అధికారి అప్పుడు ఐదుగురి కబుర్లు వినడానికే సరిపోతాడు.

పై స్థాయిలో పరిధిని బాగా పెంచిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ తనకు నేరుగా జవాబుదారీగా సుమారు 60 మంది ఉన్నారని 2020ల మధ్యలో చెబుతూ వచ్చారు. వారితో క్రమం తప్పని విడి సమావేశాలు పెట్టుకోనని, చెప్పేది అందరికీ ఒకేసారి చెబుతానని కూడా ఆయన వివరించారు. ఆ స్థాయి ఉద్యోగులకు పని నేర్పాల్సిన అవసరం ఉండదు. విడి సమావేశాన్ని తీసేస్తే లెక్కలో పెద్ద భాగం తొలగిపోతుంది. 2002లో గూగుల్ ఇంజినీరింగ్ మేనేజర్ల పదవులను ఎత్తివేసి చూసినప్పుడు దీనికి వ్యతిరేక ఫలితం వచ్చింది. ఖర్చుల బిల్లుల నుంచి సహోద్యోగుల తగవుల దాకా అన్నీ నేరుగా సంస్థ స్థాపకుడు లారీ పేజ్ దగ్గరికి చేరడం మొదలైంది. కొన్ని నెలల్లోనే ఆ ప్రయోగాన్ని మానుకున్నారు. మేనేజర్లు పోయినా వారు చేస్తున్న పని పోలేదు, పైకి చేరిందంతే.

పరిధి తప్పిందని తెలిసేదెలా

పరిధి మరీ పెద్దదైనప్పుడు మొదట కనిపించేది నిరీక్షణ. సంతకం కోసం, అనుమతి కోసం, చిన్న సందేహం తీరడం కోసం కింది ఉద్యోగులు రోజుల తరబడి ఆగుతారు. పనిలో లోపం జరిగిన రోజు కాకుండా వారాల తర్వాత బయటపడుతుంది. ఉద్యోగి తన పని ఎలా ఉందో ఏడాది చివరి మదింపులోనే వింటాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. అధికారి దొరకనందున అందరూ బృందంలోని ఒక అనుభవజ్ఞుడి దగ్గరికి వెళ్లడం అలవాటవుతుంది. పదవి, జీతం లేకుండానే అక్కడ మధ్యలో ఒక అంచె తయారైపోతుంది.

పరిధి మరీ చిన్నదైతే లక్షణాలు వేరు. ఇద్దరు ముగ్గురిని మాత్రమే చూసే అధికారికి సమయం మిగులుతుంది. ఆ సమయం కింది వారి పనిలోకి వెళ్తుంది. వారు రాసిన ప్రతి లేఖనూ తిరగరాయడం, ఒకే విషయం మీద రెండు మూడు నివేదికలు అడగడం, వారు తీసుకోవాల్సిన నిర్ణయాలను తానే తీసుకోవడం మొదలవుతాయి. ఒక ఫైలు నాలుగు బల్లల మీదుగా వెళ్లి, ఏ బల్ల దగ్గరా మార్పు లేకుండా సంతకాలతో మాత్రమే పైకి చేరుతుంటే మధ్యలో కొన్ని అంచెలు అక్కర్లేదని అర్థం.

పరిధి పెద్దదైపోయిందని తేలినప్పుడు మధ్యలో ఇంకో అంచె పెట్టడమే ఏకైక మార్గం కాదు. కింది ఉద్యోగి అధికారి దగ్గరికి ఎందుకు వస్తున్నాడో ముందు చూడాలి. చిన్న ఖర్చులకు అనుమతి కోసమైతే ఒక మొత్తం దాకా అధికారం అతనికే ఇవ్వవచ్చు. పదేపదే ఒకే సందేహమైతే జవాబును రాతలో పెట్టవచ్చు. కొత్తవారి వల్లనైతే వారికి పని నేర్పే బాధ్యతను ఒక సీనియర్‌కు అప్పగించవచ్చు. ఇవన్నీ అధికారికి ఒక్కో మనిషి మీద పడే గంటలను తగ్గిస్తాయి. పనులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి, ప్రతి నిర్ణయమూ అధికారి దాకా రావాల్సిన చోట మాత్రం ఇలాంటి ఏర్పాట్లు కొంతవరకే ఉపయోగపడతాయి. అక్కడ ఉర్విక్ చెప్పిన ఐదారుగురికి దగ్గరగా ఉండటమో, బృందాన్ని రెండుగా విడదీయడమో చేయాల్సి వస్తుంది.